పల్లెకు వెళ్తున్నాం: వీడ్కోలు సభలో విద్యార్థి సంఘం అధ్యక్షుని ప్రసంగం

సభాధ్యక్షులైన ప్రిన్సిపాల్ గారికి, గురువులకు, దుక్కి నుంచి నూర్పిడి దాకా మా చేత పట్టుబట్టి చేయించిన క్షేత్ర సిబ్బందికి, తోటి విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ ముగించుకుని వెళ్తున్న వేళ, పల్లెకు తిరిగి వెళ్లడాన్ని ఒక త్యాగంగా చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. మనలో చాలామంది పల్లెల నుంచే వచ్చాం. దర్శి దగ్గర మా ఊళ్లో శనగలు అమ్మిన డబ్బుతోనే నా హాస్టల్ బకాయిలు తీరాయి.

పల్లెలో ఉండి రైతులతో కలిసి పని నేర్చుకునే రావెప్ కార్యక్రమంలో భాగంగా ఉదయగిరి మెట్టలోని ఒక గ్రామంలో ఉన్నప్పుడు, పూత మీదున్న కందిచేలో మారుకా మచ్చల పురుగు కనిపిస్తే, ఏ మందు ఎంత మోతాదులో కొట్టాలో, రెండు మూడు మందులు కలిపి కొడితే నష్టమేమిటో ఒక పెద్దాయనకు వివరంగా చెప్పాం. ఆయన ఓపికగా విని, "బాగానే చెప్పారు నాయనా, మరి అప్పు మీరిస్తారా?" అని అడిగారు. మందులు అరువిచ్చే దుకాణదారుడే అక్కడ సలహాదారుడు కూడా. పంట అమ్మేదాకా బాకీ ఉన్న రైతు అతని మాట ఎలా కాదనగలడు? పైగా ఆయన కౌలు రైతు. కౌలు కార్డుకు భూ యజమాని సంతకం కావాలి, కార్డు లేనిదే బ్యాంకులో పంట రుణం దొరకడం కష్టం. కాబట్టి బ్యాంకు ఉద్యోగాలకు సిద్ధమవుతున్న మిత్రులను పల్లెను వదిలేసినవారిగా నేను చూడను. కౌలు రైతు దరఖాస్తును పక్కన పెట్టకుండా చదివే వ్యవసాయ అధికారి ఒకరుంటే ఆ దుకాణం పట్టు సగం సడలుతుంది.

నెల్లూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్ఎల్ఆర్ 34449 వరి రకాన్ని రైతులు నెల్లూరు మసూరి అని సొంత బిడ్డలా పిలుచుకుంటున్నారంటే, విత్తనంతో పాటు దాన్ని నమ్మకంగా చేలోకి చేర్చిన మనుషులూ ఉన్నారన్నమాట. పెన్నా ఆయకట్టుకు దొరికినంత శ్రద్ధ మెట్టచేలకు దొరకలేదని నా అభిప్రాయం. మెట్టచేలకు ఆ మనుషులం మనం కావాలి. రైతు సేవా కేంద్రంలో పనిచేసినా, సొంత పొలం చేసినా, భూసార పరీక్ష ఫలితాన్ని కాగితం మీద వదిలేయక, ఈ ఎకరానికి యూరియా ఎంత తగ్గించవచ్చో గట్టు మీద నిలబడి చెప్పగలగాలి.

జూనియర్లకు ఒక్క మాట: రావెప్ రికార్డును హాస్టల్ గదిలో కూర్చుని నింపకండి. ఎవరు నింపుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు!

గురువులకు ఒక విన్నపం. రేపు ఏ చేలోనో తెగులు సోకిన ఆకు ఫొటో తీసి వేళకాని వేళ పంపిస్తాం. దయచేసి మా ఫోన్ ఎత్తండి.

సెలవు.