చోడి ప్రాజెక్టు ఉమ్మడి బడ్జెట్: పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగర్

కాలం: 2026 ఏప్రిల్ – 2027 మార్చి. మొత్తాలన్నీ రూపాయల్లో.

ముఖ్య సంస్థ, పర్లాకిమిడి

| ఖర్చు | లెక్క | మొత్తం |
|---|---|---|
| ప్రాజెక్టు మేనేజరు | 35,000 × 12 | 4,20,000 |
| అకౌంటెంటు, సగం పూట | 10,000 × 12 | 1,20,000 |
| చోడి మిల్లు | 1 | 2,40,000 |
| త్రీ ఫేజ్ కనెక్షన్ | అంచనా | 1,20,000 |
| ప్రయాణాలు | 6,000 × 12 | 72,000 |
| ఆడిట్, మూడు చోట్లకీ కలిపి | 1 | 48,000 |
| ఆఫీసు ఖర్చులు | 10,20,000లో 5% | 51,000 |
| సొంత ఖర్చు | | 10,71,000 |

ఉప గ్రాంటు 1, గుణుపురం

| ఖర్చు | లెక్క | మొత్తం |
|---|---|---|
| ఫీల్డు కార్యకర్తలు | 3 × 12,000 × 12 | 4,32,000 |
| విత్తనాలు, రైతు శిక్షణ | | 1,50,000 |
| పెట్రోలు | 3 × 1,500 × 12 | 54,000 |
| ఆఫీసు ఖర్చులు | 5% | 31,800 |
| మొత్తం | | 6,67,800 |

ఉప గ్రాంటు 2, కాశీనగర్ మహిళా సంఘాలు

| ఖర్చు | లెక్క | మొత్తం |
|---|---|---|
| కార్యకర్తలు | 2 × 12,000 × 12 | 2,88,000 |
| ప్యాకింగ్, సంతల్లో అమ్మకం | | 1,20,000 |
| గోదాము అద్దె | 4,000 × 12 | 48,000 |
| ఆఫీసు ఖర్చులు | 5% | 22,800 |
| మొత్తం | | 4,78,800 |

ఉమ్మడి మొత్తం

| | |
|---|---|
| ముఖ్య సంస్థ సొంత ఖర్చు | 10,71,000 |
| ఉప గ్రాంటులు రెండూ | 11,46,600 |
| దాత ఇవ్వాల్సింది | 22,17,600 |

వివరణలు

ఆఫీసు ఖర్చుల 5 శాతం ఎవరిది వాళ్ళు తమ ఖర్చు మీదే వేసుకున్నారు. ఉప గ్రాంటుల మీద పర్లాకిమిడి మళ్ళీ 5 శాతం వేయలేదు. వేస్తే ఇంకో 57,330 పెరిగేది, అదే డబ్బు మీద రెండుసార్లు కోత పడేది. ఆ ప్రతిపాదన వచ్చింది, భాగస్వాములు ఒప్పుకోలేదు. వాళ్ళ మాటే న్యాయం. భాగస్వాముల పద్దులు నెలవారీ లెక్కలో ముఖ్య సంస్థ దగ్గర ఒక్కొక్క వరుసగానే, ఉప గ్రాంటు పేరుతోనే, ఎక్కాలి. లోపలి పద్దులు కూడా ఎక్కిస్తే మొత్తం రెట్టింపై కూర్చుంటుంది.

ఈ సొమ్ము దేశీయ కంపెనీ సిఎస్ఆర్ నిధి. 2020 ఎఫ్‌సిఆర్ఎ సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదలాయించడం కుదరదు కాబట్టి, ఏ భాగస్వామీ తన విదేశీ ఖాతాను ఈ ప్రాజెక్టుకి వాడకూడదు, తాత్కాలిక సర్దుబాటుకైనా సరే.

నమ్మకం తక్కువున్న అంకె ఒక్కటే: త్రీ ఫేజ్ కనెక్షన్. స్తంభాలు ఎన్ని వేయాలో కరెంటు వాళ్ళు చూసి చెప్పాలి. తగ్గితే మిగిలింది దాతకే తిరిగి వెళ్తుంది, జీతాల్లోకి మళ్ళదు. పెరిగితే మిల్లు కొనేముందే అడుగుతాం.

ప్రయాణాల్లో జీపు అద్దె లేదు. గుణుపురానికి రైలుంది.

గోదాములో ఎత్తుదించుళ్ళు సంఘాల మహిళలే చేస్తామన్నారు. దానికి ఇక్కడ రూపాయి కట్టలేదు, సొంత వాటాగా కూడా చూపలేదు. కూలి చేతికివ్వకుండా దాన్ని విరాళం అని రాసుకోవడం మాకు నచ్చలేదు.

ఉప గ్రాంటుల విడుదల 40, 40, 20 శాతం. మొదటి వాయిదా, గుణుపురానికి 2,67,120, కాశీనగర్‌కి 1,91,520, మే నెలాఖరులోగా చేరాలి; తొలకరికి విత్తనం రైతు చేతిలో లేకపోతే ఆ 1,50,000 ఖర్చుకి అర్థం లేదు. రెండోది, మొదటి దానికి వినియోగ ధ్రువపత్రం బిల్లులతో అందాకే.