నెలవారీ మెయింటెనెన్స్ పెంపుపై సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ప్రసంగం

అధ్యక్షులకు, సభ్యులందరికీ నమస్కారం. మన 96 ఫ్లాట్లలో ఎక్కువ మంది తెలుగువారే కనుక తెలుగులో మాట్లాడుతున్నాను. కన్నడ, ఇంగ్లీషు ప్రతులు మీ కుర్చీల మీద ఉంచాము.

మెయింటెనెన్స్‌ను చదరపు అడుగుకు 3 రూపాయల నుంచి 3.75కు పెంచాలని కమిటీ కోరుతోంది. 1,200 అడుగుల ఫ్లాట్‌కు ఇప్పుడు కడుతున్న 3,600 రూపాయలు 4,500 అవుతుంది. పింఛను మీద బతికే పెద్దలు ఇక్కడ ఉన్నారని, నెలకు 900 రూపాయలు వారికి చిన్న మొత్తం కాదని తెలిసే ఈ మాట చెబుతున్నాను.

నెలకు మన రాబడి 3,45,600 రూపాయలు కాగా, ఖర్చు సగటున 4,11,000. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ సిబ్బందికే 1,62,000 పోతోంది. కనీస వేతనంలోని కరువు భత్యం ప్రతి ఏప్రిల్‌లో మారుతుంది, దాన్ని ఎగ్గొట్టే ఆలోచన ఈ కమిటీకి లేదు. లిఫ్టులు, పంపులు, ఎస్‌టీపీ బ్లోయర్ల కరెంటు బిల్లు 78,000. మరో పెద్ద ఖర్చు నీళ్ళది. 2024 వేసవిలో బెంగళూరు అంతటా బోర్లు ఎండిపోయినప్పుడు మన రెండు బోర్లలో ఒకటి పూర్తిగా ఆగిపోయింది. అప్పటి నుంచి తెల్లవారుజామున 5 గంటలకు వాచ్‌మన్ సంపులో కర్ర దించి, తడి ఎంతవరకు అంటిందో చూసి, అంతకు తగ్గట్టు ట్యాంకర్‌కు ఫోన్ చేస్తున్నాడు. ఏడాది మొత్తం మీద ఆ ట్యాంకర్ల సగటు నెలకు 84,000 రూపాయలు.

ఈ లోటును 18 నెలలుగా సింకింగ్ ఫండ్‌లోంచి పూడుస్తున్నాము. 18 లక్షల పైచిలుకు ఉన్న నిధి ఇప్పుడు 6.4 లక్షలకు దిగింది. ఇలాగే సాగితే పది నెలల్లో అదీ అయిపోతుంది. అది రోజువారీ ఖర్చుల కోసం దాచిన డబ్బు కాదు. గత నెల బి బ్లాక్ లిఫ్టు తాడు మీద మెకానిక్ గుడ్డ పెట్టి లాగినప్పుడు, తెగిన తీగల కొసలకు ఆ గుడ్డ పీచులు చిక్కుకోవడం నా కళ్ళతో చూశాను. ఆ తాళ్ళు వెంటనే మార్చక తప్పదు. మన పిల్లలు రోజూ ఎక్కే లిఫ్టు అది.

రాత్రి గార్డును ఒకరిని తగ్గించమని కొందరు సూచించారు. వెనుక గేటు చీకట్లో ఖాళీగా ఉండటానికి నేను ఒప్పుకోలేను. ఫ్లాట్‌కో నీటి మీటరు పెట్టాలన్న సూచన మాత్రం న్యాయమైనదే, దాని అంచనాలు వచ్చే సమావేశంలో మీ ముందు ఉంచుతాము. జీఎస్టీ గురించి కూడా అడిగారు. సభ్యుడికి నెలకు 7,500 రూపాయలు దాటితేనే ఆ పన్ను ప్రశ్న వస్తుంది, మనలో ఎవరూ ఆ హద్దు దాటడం లేదు.

కొత్త రేటుతో రాబడి 4,32,000 అవుతుంది. ఖర్చులు పోగా మిగిలే 21,000 రూపాయలు నెలనెలా నేరుగా సింకింగ్ ఫండ్‌కే జమ అవుతాయి. ఆ లెక్కను ప్రతి నెల 5వ తేదీన నోటీసు బోర్డు మీద అంటిస్తాను. ఒకేసారి కట్టడం కష్టమైనవారు నెలలో రెండు విడతలుగా కట్టవచ్చు, దానికి జరిమానా ఉండదు.

వచ్చే నెల 1వ తేదీ నుంచి ఈ రేటు అమలయ్యేలా తీర్మానాన్ని సభ ముందు ఉంచుతున్నాను. ఓటింగుకు ముందు మీ ప్రశ్నలన్నీ అడగండి. బిల్లుల ఫైళ్ళు ఈ బల్ల మీదే ఉన్నాయి.