సర్వపిండి వీడియో వ్యాఖ్యల పరిశీలన

వదినా,

సర్వపిండి వీడియో కింద మొదటి పదిహేను రోజుల్లో వచ్చిన 412 వ్యాఖ్యలను ముందు ప్రోగ్రాంతో వేరుచేయించి, ఆ తరువాత ఒక్కొక్కటిగా నేనే చదివి సరిచేశాను. మన నల్లగొండ మాట ప్రోగ్రాంకు అంతుపట్టలేదు. "చింపేసినవ్ అక్కా", "కిరాక్ ఉంది" అన్న మెచ్చుకోళ్లను అది తిట్ల కింద లెక్కగట్టింది. "మస్తుగుంది అక్కా, కానీ నాది గంజుకే అతుక్కపాయె" అన్న ఫిర్యాదును మాత్రం మొదటి మాట చూసి ప్రశంసల్లో వేసింది.

స్పామ్ 58. ఇంట్లో కూర్చుని సంపాదించమంటూ ఫోన్ నంబర్లు ఇచ్చినవి, లింకులు పెట్టినవి, తమ ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేయమని అడిగినవి ఇందులో ఉన్నాయి. వీటిని తీసేయవచ్చు.

పొగడ్తలు 243. ఒకే మాట పదిసార్లు కనిపించినంత మాత్రాన దాన్ని స్పామ్ అనుకోలేదు, ఎందుకంటే "సూపర్ అక్కా" అని పదిమంది వేర్వేరుగా రాయడం సహజమే. అయితే ఒకరే మళ్లీ మళ్లీ పెట్టినవాటిని, ఉదాహరణకు ఒకరు పదకొండు సార్లు పెట్టిన పూల గుర్తులను, ఒక్కసారిగానే లెక్కించాను. ఆ విధంగా చూస్తే మెచ్చుకున్నవారు 171 మంది. వారి అభిమానం నిజమైనదే, కానీ వంటలో ఏం మార్చాలో అది చెప్పదు.

మిగిలిన 111 వ్యాఖ్యలను మీరు తప్పక చదవాలి. చేసి చూసి బాగా వచ్చిందన్నవారు 36 మంది, సందేహాలు అడిగినవారు 46 మంది, కుదరలేదన్నవారు 29 మంది. ఈ 29 మందిలో 17 మంది చెప్పింది ఒక్కటే: మొదటిది బాగానే వచ్చింది, రెండోది పాడైంది. ఒకామె ఇలా రాసింది: "రెండోది ఒత్తుదామంటే గంజు కాలుతుంది, చేతికి చురుక్కుమన్నది, పిండి అంతా ముద్దయింది."

కత్తిరించక ముందున్న వీడియోను మళ్లీ చూశాను. మొదటిది తీశాక మీరు గంజును నీళ్ల కింద పెట్టి చల్లార్చి, తుడిచి, నూనె రాసి, అప్పుడే రెండో ముద్ద ఒత్తారు. నిడివి తగ్గించాలని ఆ ముక్కను నేనే కత్తిరించాను. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం గనుక మనకు అది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు, కొత్తగా చేసేవారికి మాత్రం అక్కడే దారి తప్పింది. ఈ లోపం నాది.

సందేహాల్లో ఎక్కువ భాగం నీళ్ల కొలత గురించే. తడి బియ్యం పట్టించిన పిండికి, దుకాణంలో కొన్న పొడి పిండికి నీళ్లు ఒకేలా పట్టవు కాబట్టి, ఒక్క అంకె చెప్పే బదులు ముద్ద ఎంత మెత్తగా ఉండాలో చేతిలో పట్టి చూపిస్తే మేలు.

కత్తిరించిన ముక్క నా దగ్గరే ఉంది. మీరు సరేనంటే దాన్ని చిన్న వీడియోగా పెట్టి, గంజు చల్లార్చే సంగతిని పాత వీడియో కింద మొదటి వ్యాఖ్యగా పిన్ చేస్తాను. ఆ 17 మందికి మాత్రం పేరుపేరునా మీరే జవాబు రాయండి.