నడుం నొప్పిలో రెడ్ ఫ్లాగ్స్: ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెంట్లకు నోట్సు

ఈ నోట్సు శ్రీకాకుళం జిల్లా పోస్టింగులో ఉన్న మొదటి సంవత్సరం రెసిడెంట్ల కోసం. గురువారం మధ్యాహ్నం క్లాసుకి ముందే చదివి రండి. క్లాసులో చివర ఉన్న కేసుల గురించి మాట్లాడుకుందాం.

ఓపీలో ఒక పూట కూర్చుంటే నడుం నొప్పి అని ఎనిమిది పది మంది వస్తారు. నాట్లు వేసినవాళ్లు, జీడిపిక్కలు కొట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, కొబ్బరి బస్తాలు మోసేవాళ్లు. దాదాపు అందరిదీ కండరాలు, కీళ్లు, డిస్కుల నుంచి వచ్చే మామూలు నొప్పే. కొన్ని వారాల్లో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. 2009లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో కొత్తగా నడుం నొప్పితో వచ్చిన 1172 మందిని ఏడాది పాటు గమనిస్తే, తీవ్రమైన జబ్బు తేలింది 11 మందికి. వాటిలో 8 ఎముక విరిగిన కేసులు. అయితే కనీసం ఒక రెడ్ ఫ్లాగ్ ఉన్నవాళ్లు అదే గుంపులో నూటికి 80 మంది.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. జాబితాలో ఒక టిక్కు పడగానే ఎంఆర్ఐ రాస్తే ఓపీలో సగం మందికి పైగా రాయాలి. నొప్పే లేని ఇరవై ఏళ్ల వాళ్లకి ఎంఆర్ఐ తీసినా పది మందిలో ముగ్గురికి డిస్క్ బల్జ్ కనిపిస్తుంది. ఆ రిపోర్టు చూసిన కుర్రాడు "నా డిస్క్ జారిపోయింది" అనుకుంటూ బరువు ఎత్తడమే మానేస్తాడు. అలాగని ఫ్లాగులు పనికిరావని కాదు. ఏ మనిషిలో, ఏ ఫ్లాగు, దేనితో కలిసి ఉంది, పోయినసారికి ఇప్పటికి ఏం మారింది అన్నదాన్ని బట్టే వాటికి విలువ. రాత్రి నొప్పి ఒక్కటే ఉంటే పెద్దగా ఏమీ చెప్పదు. రాత్రి నొప్పి, ఆరు కిలోల బరువు తగ్గడం, ఐదేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, ఈ మూడూ కలిస్తే ఆ రోజే కదలాలి.

కాడా ఈక్వైనా: గంటలు లెక్కపెట్టాల్సిన జబ్బు

దీనికి ఎక్కువ చోటిస్తున్నాను. అరుదే, కానీ ఒకసారి తప్పిపోతే ఆ మనిషి జీవితాంతం కాథెటర్‌తో ఉండాల్సి రావచ్చు. సాధారణంగా ఎల్4-5 లేదా ఎల్5-ఎస్1 దగ్గర పెద్ద డిస్క్ ముక్క వెనక్కి వచ్చి నరాల గుత్తిని నొక్కేస్తుంది. రెండు కాళ్లలోకీ సయాటికా, కూర్చునే చోట మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద పట్టు పోవడం, లైంగిక స్పర్శ తగ్గడం. ఇవన్నీ పుస్తకంలో చదివారు. కష్టం అడగడంలో వస్తుంది.

నేను రెసిడెంటుగా ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో ముప్పై ఎనిమిదేళ్ల ఆటో డ్రైవరుని చూశాను. "యూరిన్ సమస్య ఏమైనా ఉందా?" అని అడిగాను. "లేదు సార్" అన్నాడు. ఇంజెక్షన్ రాసి పంపాను. మర్నాడు పొట్ట ఉబ్బి తిరిగొచ్చాడు. అప్పుడు అతని భార్య చెప్పింది: "నిన్న పొద్దున్నుంచీ ఒంటికి ముక్కి ముక్కి పోస్తున్నాడండీ. అది నడుం నొప్పి వల్లే అనుకున్నాం." అతను అబద్ధం చెప్పలేదు. సమస్య అంటే మంట, రక్తం అనుకున్నాడు. నేను అడిగిన ప్రశ్నే తప్పు.

కాబట్టి ఇలా అడగండి:

"ఒంటికి వెళ్లినప్పుడు ధార ముందులాగే వస్తోందా? ముక్కాల్సి వస్తోందా?"

"ఒంటికి వస్తోందని ముందులాగే తెలుస్తోందా? పోస్తున్నప్పుడు తెలుస్తోందా?"

"దొడ్డికి వెళ్లి కడుక్కునేటప్పుడు చెయ్యి, నీళ్లు తగిలినట్టు తెలుస్తోందా? మొద్దుబారినట్టు ఉందా?"

ఈ మూడో ప్రశ్నకి మన దగ్గర చాలా తేలిగ్గా జవాబు వస్తుంది. రోజూ చేతితో కడుక్కునే మనిషికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. లైంగిక విషయం అడిగేముందు పక్కన ఉన్నవాళ్లని బయటికి పంపండి. ఆడవాళ్లని అడగడానికి సిస్టర్ సాయం తీసుకోండి. సిగ్గుపడి అడగడం మానేస్తే ఆ నష్టం రోగిదే.

పరీక్షలో ఆసనం చుట్టూ సూదిమొన స్పర్శ కుడి ఎడమ రెండు వైపులా చూడండి. వేలితో పరీక్ష చేసినప్పుడు బిగువు బాగానే ఉంది కదా అని జబ్బు లేదనుకోకండి. మూత్రం పోయించి, వెంటనే అల్ట్రాసౌండులో ఎంత మిగిలిందో చూడండి. 200 మిల్లీలీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. అంతకన్నా తక్కువ ఉన్నంత మాత్రాన, మిగతా లక్షణాలు ఉన్న మనిషిని ఇంటికి పంపకూడదు.

మూత్రం పూర్తిగా ఆగిపోకముందే ఆపరేషన్ జరిగినవాళ్లు బాగా కోలుకుంటారు. పూర్తిగా ఆగాక పంపితే ఆలస్యమైనట్టే. మన చివరి మండలాల నుంచి విశాఖ చేరడానికే గంటలు పడుతుంది. అందుకే ఎంఆర్ఐ ఇక్కడ ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తూ కూర్చోవద్దు. న్యూరోసర్జరీ వాళ్లకి ఫోన్ చేసి, చూసినవి చెప్పి, 108 పిలవండి. రిఫరల్ చీటీలో "నడుం నొప్పి" అని రాస్తే అక్కడ క్యూలో కూర్చోబెడతారు. "కాడా ఈక్వైనా అనుమానం, పెరినియంలో స్పర్శ తగ్గింది, పోసిన తర్వాత ఇంత మిగిలింది" అని టైముతో సహా రాయండి.

క్రియాటినిన్ పెరిగితే అన్నీ ఉద్దానం ఖాతాలో వేయకండి

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఉచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మీకు తెలుసు. అరవై దాటిన మనిషి, నడుం నొప్పి, నీరసం, హిమోగ్లోబిన్ 8, క్రియాటినిన్ 2.4. చూడగానే కిడ్నీ జబ్బు, దానివల్ల రక్తహీనత, వయసు వల్ల నడుం నొప్పి అని మూడు ముక్కలుగా సర్దేస్తాం. ఆ మూడూ ఒకే జబ్బు కావచ్చు: మల్టిపుల్ మైలోమా. కాల్షియం చూడండి. సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్లు పంపండి. ఎక్స్-రే నార్మల్ అయితే తృప్తిపడకండి. వెన్నుపూసలో ఎముక చాలా భాగం పోయేదాకా మామూలు ఎక్స్-రేలో కనిపించదు.

క్యాన్సర్ విషయంలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న పాత క్యాన్సర్ గురించే. 1988లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో నడుం నొప్పితో వచ్చిన 1975 మందిలో 13 మందికే క్యాన్సర్ తేలింది. పాత క్యాన్సర్ చరిత్ర ఉందంటే అనుమానం ఒక్కసారిగా పెరుగుతుంది. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు వెన్నుకి పాకుతాయి. "క్యాన్సర్ వచ్చిందా?" అంటే చాలామంది లేదంటారు, కొందరికి ఇంట్లోవాళ్లే చెప్పరు. "ఎప్పుడైనా గడ్డ తీశారా? కరెంటు పెట్టించుకున్నారా?" అని అడగండి.

ఇంకో మాట కూడా: కిడ్నీ సంగతి తెలియకుండా ఈ ఊళ్లలో ఎవరికీ డైక్లోఫెనాక్ సూది వేయకండి.

క్షయ మెల్లగా వస్తుంది

వెన్ను టీబీ హడావుడి చేయదు. రెండు మూడు నెలలుగా నొప్పి, మందు వేసుకుంటే కాస్త తగ్గి మళ్లీ రావడం, ఆకలి లేకపోవడం. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం చాలామందిలో ఉండనే ఉండవు. దగ్గు లేదని, ఛాతీ ఎక్స్-రే బాగుందని పక్కన పెట్టలేం. ఒక్కొక్క వెన్నుపూస మీద పిడికిలితో మెల్లగా కొట్టి చూడండి. ఎక్కడో ఒక్క చోట గట్టిగా నొప్పి ఉన్నా, చిన్న గూనిలా తేలినా, తుంటి దగ్గర కాలు వెనక్కి చాచలేకపోతున్నా ఆపి ఆలోచించండి. తుంటి చాచలేకపోవడానికి సోయాస్ కండరంలో చేరిన చీము కారణం కావచ్చు.

ఈఎస్ఆర్ పెరగడం సాయపడుతుంది, కానీ రక్తహీనతలోనూ కిడ్నీ జబ్బులోనూ అది పెరుగుతుంది. ఎంఆర్ఐ, ఆపైన బయాప్సీ తీసి సీబీనాట్, కల్చర్. తేలితే నిక్షయ్‌లో నమోదు. చికిత్స కనీసం పన్నెండు నెలలని మొదటి రోజే చెప్పండి. అనుమానం ఉన్నప్పుడు మధ్యలో మూత్రం ఇన్ఫెక్షన్ అని లెవోఫ్లాక్సాసిన్ లాంటివి రాయకండి. అవి టీబీ మీద కూడా పనిచేస్తాయి కాబట్టి జబ్బుని కొన్నాళ్లు కప్పేసి, బయాప్సీని గజిబిజి చేస్తాయి.

షుగర్ ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఈమధ్య సెలైన్ పెట్టించుకున్నవాళ్లలో చీము పట్టే ఇన్ఫెక్షన్ వేగంగా ముదురుతుంది. జ్వరం లేకపోవచ్చు. మనిషి నిలకడగా ఉంటే బ్లడ్ కల్చర్లు తీశాకే యాంటీబయాటిక్. గొర్రెలు, మేకలు కాసేవాళ్లు, పచ్చిపాలు తాగేవాళ్లు వచ్చిపోయే జ్వరంతో వస్తే బ్రూసెల్లా గుర్తుంచుకోండి.

విరిగిన ఎముక

తాటిచెట్టు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్ల విషయంలో సందేహమే అక్కర్లేదు. మనం వదిలేసేది డెబ్బై ఏళ్ల అవ్వని. బిందె ఎత్తుతుంటే టక్కున పట్టేసిందంటుంది. పడలేదు కదా అని ఎక్స్-రే తీయం. స్టెరాయిడ్ వాడకం గురించి అడిగితే తెలియదంటుంది. "కీళ్ల నొప్పులకి పొట్లంలో కట్టిచ్చిన మాత్రలు నెలల తరబడి వాడారా? వాడాక ముఖం ఉబ్బిందా?" అంటే జవాబు వస్తుంది.

మిగతావి క్లుప్తంగా. అరవై దాటిన, పొగతాగే మగవాడు మొదటిసారి కిడ్నీ రాయి నొప్పిలాంటిదానితో వస్తే పొట్ట మీద చెయ్యి వేసి అయోర్టా చూడండి. నలభై ఐదు లోపు మొదలై, మూడు నెలలు దాటి, పొద్దున్నే అరగంటకి పైగా బిగుసుకుపోయి, నడిస్తే తగ్గే నొప్పి స్పాండిలైటిస్ కావచ్చు. అది ఎమర్జెన్సీ కాదు, కానీ ఏళ్ల తరబడి ఆలస్యం అవుతోంది.

మూడు నిమిషాల పరీక్ష

మడమల మీద నడిపించండి, మునివేళ్ల మీద నడిపించండి. బొటనవేలు పైకెత్తమని అడ్డుపెట్టండి. మోకాలు, చీలమండ రిఫ్లెక్సులు చూడండి. అరికాలు గీసి చూడటం ఎప్పుడూ మానకండి. బొటనవేలు పైకి లేచిందంటే తప్పు నడుములో లేదు. వెన్నుపాము ఎల్1-2 దగ్గరే ముగుస్తుంది, కాబట్టి జబ్బు అంతకన్నా పైన ఉంది. అప్పుడు నడుం ఎంఆర్ఐ మాత్రమే రాస్తే రిపోర్టు నార్మల్ వస్తుంది, రోగికి కాళ్లు పడిపోతాయి. వెన్ను మొత్తం తీయమని రాయండి.

ఏ ఫ్లాగూ బరువుగా కనిపించకపోతే బొమ్మలు వద్దు. తిరగమనండి, మంచం పట్టవద్దని చెప్పండి, రెండు వారాలకి రమ్మనండి. పంపేముందు ఈ మాట రోగికీ, వెంట వచ్చినవాళ్లకీ చెప్పి, వాళ్లతో తిరిగి చెప్పించుకోండి: "ఒంటికి ఆగినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు బలం తగ్గినా, రాత్రయినా సరే వచ్చేయండి. పొద్దున్న ఓపీ దాకా ఆగొద్దు."

గురువారానికి కేసులు

ఒకటి. జీడి ఫ్యాక్టరీలో పనిచేసే యాభై ఎనిమిదేళ్ల ఆమె. రెండు నెలల నడుం నొప్పి, హిమోగ్లోబిన్ 7.8, క్రియాటినిన్ 2.1, మూత్రం డిప్‌స్టిక్‌లో ప్రొటీన్ జాడ మాత్రమే. ఏం పంపుతారు? డిప్‌స్టిక్ మీకు ఏం చెప్పలేదు?

రెండు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, హైదరాబాదులో కూలి పని, మూడు నెలల నొప్పి, ఛాతీ ఎక్స్-రే నార్మల్, మందుల షాపులో లెవోఫ్లాక్సాసిన్ వారం వాడాడు. ఎక్కడ మొదలుపెడతారు?

మూడు. సాయంత్రం ఏడు గంటలు. నలభై ఏళ్ల మనిషికి రెండు కాళ్లలోకీ లాగుతోంది, "ఒంటికి బాగానే పోతున్నా, కాకపోతే కాస్త ముక్కాలి" అంటున్నాడు. ఎంఆర్ఐ రేపు పొద్దున్నే. మీరు ఎవరికి ఫోన్ చేస్తారు, మొదటి రెండు వాక్యాల్లో ఏం చెప్తారు? ఆ రెండు వాక్యాలూ రాసుకుని రండి.