బ్రాడీపేటలో మొదటి క్లాసు

సోమవారం, రాత్రి పదిన్నర.

మొత్తానికి చేరాను. బ్రాడీపేటలో ట్యాలీ క్లాసు, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడే నేర్చుకోవాల్సింది. అప్పుడు పాప బారసాల, తర్వాత నాన్న ఆపరేషన్, ఆ తర్వాత... సాకులకేం, మిర్చి యార్డులో టిక్కీల్లా పేర్చి ఉన్నాయి.

ఫీజు కడుతుంటే కౌంటర్లో అమ్మాయి "మీ అబ్బాయికా సార్?" అంది. "నాకేనమ్మా" అన్నాను. చెవులు వేడెక్కాయి.

పక్క కుర్రాడు F8 నొక్కి సేల్స్ ఓచర్ తెరిచేలోపు నేనింకా మౌస్‌తో కుస్తీ పడుతున్నాను. డెబిట్, క్రెడిట్ దగ్గర మాత్రం వాడే నావైపు వంగి, "అంకుల్, ఇది ఎటు?" అన్నాడు. పద్దెనిమిదేళ్లు చేత్తో రాసిన లెడ్జర్లు ఊరికే పోలేదు!

ఇంటికొచ్చేసరికి పాప నా నోట్సుకి అట్ట వేసింది. లేబుల్ మీద పేరు రాసి, "నాన్నా, తరగతి ఎంత?" అంది.