సంక్రాంతి ప్రచారానికి పని పత్రం: ఎం.వి.పి. కాలనీ గానుగ నూనె దుకాణం

డిసెంబరు 10 నుంచి జనవరి 10 వరకు. మొత్తం ఖర్చు 15,000 రూపాయలు.

లక్ష్యం: ఈ నెల రోజుల్లో కొత్తగా వచ్చినవారిలో కనీసం 60 కుటుంబాలు ఫిబ్రవరి 15లోగా రెండోసారి కూడా నూనె కొనాలి. అరిసెలకూ జంతికలకూ పండగ ముందు ఎవరైనా ఒక సీసా కొంటారు కనుక, మొదటి అమ్మకాన్ని మనం గెలుపుగా లెక్కించడం లేదు.

ఎవరి కోసం: రైతుబజారుకు ఉదయం నడిచి వచ్చే చుట్టుపక్కల ఇళ్లవారు, ముఖ్యంగా ఇంట్లో వంట సరుకు ఏది కొనాలో నిర్ణయించే యాభై దాటిన ఆడవారు. గాజువాక, మధురవాడల దాకా వెళ్లాలన్న మీ కోరిక సహజమే కానీ, ఈ డబ్బుతో అంత దూరం వెళితే ఎక్కడా గట్టిగా వినిపించం.

చెప్పవలసిన ఒకే మాట: “గింజ నుంచి సీసా దాకా, అంతా మీ కళ్లముందే.”

ఈ మాటను ఎంచుకోవడానికి కారణం మీ దుకాణంలోనే కనిపించింది. నేను వచ్చిన రోజు గానుగ వెనక గదిలో తెర చాటున తిరుగుతోంది. కూరల సంచితో వెళుతున్న ఒకావిడ వేరుశనగ వాసనకు గుమ్మం దగ్గర ఆగి, లోపల అరలూ సీసాలూ తప్ప ఏమీ కనిపించకపోవడంతో వెళ్లిపోయారు. అందుచేత ఖర్చులో మొదటి 6,000 రూపాయలు గానుగను వీధివైపు గదిలోకి మార్చడానికీ, ఎదురుగా ఒక బల్ల వేయడానికీ కేటాయించాలి. 5,000 చిన్న నమూనా సీసాలకు, మిగిలిన 4,000 కరపత్రాలకు. లీటరు వేరుశనగ నూనెకు సుమారు రెండున్నర కిలోల వేరుశనగ పప్పు పడుతుందని బల్ల దగ్గర రాసి పెడితే, ధర ఎందుకు ఎక్కువన్న ప్రశ్నకు వేరే వాదన అక్కరలేదు.

“అప్పటికప్పుడు తాజాగా” అనవద్దు. ఆడించిన నూనె తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆడించిన తేదీని సీసాపై వేయడమే నిజాయితీ. గుండెకు మంచిదనీ, కొవ్వు తగ్గుతుందనీ ఎక్కడా రాయకూడదు. ఆహార ప్రకటనలపై 2018 నిబంధనలు ఆధారం లేని అలాంటి మాటలను ఒప్పుకోవు. “మీ డబ్బా తెచ్చుకోండి” అన్న మీ ఆలోచన నాకూ నచ్చింది, కానీ వంటనూనెను విడిగా అమ్మడంపై నిషేధం ఉంది కాబట్టి దానిని వదిలేశాను.

కొలతలు: గల్లా దగ్గర ఒకే పుస్తకం. కొత్తవారి పేరు, తేదీ, “ఎలా తెలిసింది?” అన్నదానికి వారి జవాబు, మళ్లీ వస్తే ఆ వరుసలోనే రెండో తేదీ. పత్రిక మధ్యలో పెట్టే కరపత్రాలు ఆకుపచ్చ రంగువి, రైతుబజారు దగ్గర పంచేవి పసుపువి. కరపత్రం తెచ్చినవారికి పావుకిలో తెలికపిండి ఉచితం కనుక, ఏ రంగువి ఎన్ని తిరిగొచ్చాయో ప్రతి ఆదివారం రాత్రి లెక్కపెట్టాలి. డిసెంబరు 24 నాటికి కొత్త కుటుంబాలు 40కి చేరకపోతే, పంచని కరపత్రాలను ఆపి, నమూనా సీసాలను గానుగ ముందు కూర్చున్నవారికే ఇవ్వాలి.