నాలుగో మీటరు

అక్టోబరు 2 గ్రామసభకు ఇంకా ఆరు రోజులే ఉంది. ఈలోపు మా పంచాయతీ 2025-26 అభివృద్ధి ప్లాన్ తయారు కావాలి. సభలో చదివి ఒప్పించుకున్నాక పోర్టల్లో ఎక్కించాలి. కాగితాల్లో నేను జూనియర్ అసిస్టెంటునే అయినా ఊళ్లో అందరికీ గుమస్తానే. తొమ్మిదేళ్లుగా ఈ ప్లాన్ నా చేతి మీదుగానే పోతోంది. మొదటి ఏడు మాత్రం ఊరంతా తిరిగి రాశాను. ఆ తర్వాత ప్రతి ఏడూ పాతదాన్నే తీసి, సంవత్సరం మార్చి, అంకెలు కొంచెం పెంచి పంపించేశాను. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, చెప్పకపోతే మిగతాది చెప్పలేను.

ఈసారి కొత్తగా వచ్చిన సెక్రటరీ మేడమ్ కరెంటు బిల్లుల దగ్గర ఆగిపోయారు.

"ఏడాదికి ఇంత కడుతున్నామా? ఇందులో ఏమైనా తగ్గించొచ్చేమో చూడండి."

కేంద్రం నుంచి ఆర్థిక సంఘం డబ్బు వస్తుంది కదా అని బయటివాళ్లు అనుకుంటారు. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే అని ముందే ముడివేసి ఉంటుంది. మిగిలినదానిలోంచి జీతాలు ఇవ్వకూడదు. మా చేతిలో ఉండేది సాధారణ నిధి. ఇంటి పన్ను, కుళాయి పన్ను, సంత వేలం పాట అన్నీ కలిపినా ఏడాదికి మూడు లక్షల అరవై వేలు దాటదు. అందులోంచి వెయ్యి రూపాయలు మిగిలినా మాకు లెక్కే.

బిల్లులన్నీ బల్ల మీద పరిచాను. వీధి దీపాలవి ఒక కట్ట, నీళ్ల మోటార్లవి ఒక కట్ట. మోటార్లకు నాలుగు సర్వీసు నంబర్లు ఉన్నాయి. ఆస్తుల రిజిస్టరు తెరిస్తే బోర్లు మూడే. రెండుసార్లు లెక్కపెట్టినా మూడే.

నాకు సంబరమేసింది. ఎండిపోయిన బోరుకు ఎవరూ మీటరు తీయించకుండా వదిలేసి ఉంటారు, నెలకు రెండు వేల తొమ్మిది వందలు మిగులుతుందని లెక్క కట్టేశాను. పంపు ఆపరేటరు నారాయణను పిలిచి అడిగితే వాడు నా వైపు వింతగా చూశాడు.

"అదేం మాట సార్? గుట్టకింది బోరు అది. స్కీము నీళ్లు రాని రోజు కాలనీకి అదే గతి. పొద్దున కూడా ఆన్ చేసి వచ్చినా."

ఇద్దరం బండి మీద పోయాం. కంది చేను మధ్యలో రేకుల గది, దానిలో స్టార్టరు, గోడకు మా మీటరు. పక్కనే వేరుశనగ ఎండకు వాడిపోయి ఉంది. ఆకులు మధ్యాహ్నానికే ముడుచుకున్నాయి. చేలో కలుపు తీస్తున్న లక్ష్మీదేవమ్మ కొడవలి పట్టుకునే లేచి వచ్చింది.

"ఏం నాయనా, మోటారు కాలిపోయిందా?"

"లేదు పెద్దమ్మా. ఈ బోరు ఎవరిదని చూడను వచ్చినా."

"మీదే కదా," అంది.

"చేను నీదే కదా పెద్దమ్మా. మరి బోరు ఎవరు వేయించినారు?"

"మా ఆయన. మూడు బోర్లు ఎండిపోయినాక, తాళి బొట్టు కుదువ పెట్టి వేయించినాడు. కరువులో ఊరికి నీళ్లు లేవని సర్పంచు వచ్చి అడిగితే ఇచ్చినాడు. కాలం బాగైతే తిరిగి ఇస్తామన్నారు." కాసేపు ఆగి, "కాలం బాగైందో లేదో నాకు తెలీదు నాయనా," అంది.

ఆమె గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఆ సాయంత్రం ఆఫీసు అటక మీది ట్రంకు పెట్టె దించాను. చెదలు తిన్నవి పోగా తీర్మానాల పుస్తకాలు ఏడు మిగిలాయి. మూడోదానిలో దొరికింది. 2003 మే నెల తీర్మానం. 2002లో వాన మొహం చాటేసిన ఏడు అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లెవరికీ వివరించనక్కర్లేదు. మరుసటి ఎండాకాలానికి కాలనీలో బిందె నీళ్లు లేవు. రైతు బోరును పంచాయతీ అద్దెకు తీసుకోవాలని, నెలకు రూ.1,000 ఇవ్వాలని, మోటారు కరెంటు పంచాయతీ భరించాలని రాశారు. కింద సర్పంచు సంతకం. దాని పక్కన రైతు సంతకం, ఒక్కో అక్షరం విడివిడిగా, చివర గీత గీసి.

క్యాష్ పుస్తకంలో 2006 జులై వరకు నెలనెలా అద్దె కనిపించింది. ఆ ఏడే పాలకవర్గం మారింది, గుమస్తా కూడా మారాడు. ఆగస్టు నుంచి ఆ పద్దు లేదు. కరెంటు బిల్లు డిపార్టుమెంటు పంపుతుంది కాబట్టి అది ఆగలేదు. ఆమె బిల్లు పంపలేదు కాబట్టి అద్దె ఆగిపోయింది. 2024 సెప్టెంబరు దాకా 218 నెలలు. రెండు లక్షల పద్దెనిమిది వేలు. అందులో తొమ్మిదేళ్లు నావి. ఆ మీటరు బిల్లు ప్రతి నెలా నా చేత్తోనే పాస్ చేశాను.

మర్నాడు మేడమ్ ముందు పుస్తకం పెట్టాను. ఆమె చాలాసేపు చదివారు.

"అగ్రిమెంటు రెన్యూవల్ లేకుండా పాత బకాయి ఇస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరండీ."

"ఆమె నీళ్లు పద్దెనిమిదేళ్లు తాగినాం మేడమ్. ఆపరేటరు లాగ్ బుక్కులు ఉన్నాయి. ఏ రోజు ఎన్ని గంటలు నడిచిందీ నారాయణ రాసిపెట్టినాడు."

"ఇస్తామా వద్దా అని కాదు. ఎలా ఇస్తామో గట్టిగా రాసుకోవాలి."

సర్పంచన్న మొదట మొహం చిట్లించాడు. సీసీ రోడ్డుకు అనుకున్న డబ్బు తగ్గుతుందని ఆయన బాధ. అబద్ధమేమీ కాదు. చివరికి సభలో పెడదామన్నాడు.

గ్రామసభలో ఆ పద్దు నేనే చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కాలనీ ఆడవాళ్లలోంచి ఒకామె లేచి, "ఆ బోరు పంచాయతీదే అనుకుంటిమే ఇన్నాళ్లూ," అంది. కొత్త అద్దె నెలకు రూ.1,500, బకాయి ఏడాదికి రూ.36,000 చొప్పున సాధారణ నిధి నుంచి, లాగ్ బుక్కుల ఆధారంతో అని తీర్మానం రాసుకున్నాం. లక్ష్మీదేవమ్మను అడిగితే ఆమె డబ్బు మాట ఎత్తలేదు.

"వారానికి రెండు పూటలు నా చేనికి నీళ్లు వదిలితే నాలుగు టమోటా సాళ్లు పెట్టుకుంటా."

ఆమె బోరే, ఆమె నీళ్లే. అయినా పంచాయతీ మీటరు మీద సేద్యానికి నీళ్లు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. వేరే సర్వీసు ఇప్పించమని విద్యుత్ శాఖకు ఆరోజే రాశాం. జవాబు ఇంకా రాలేదు.

ప్లాన్‌లో అద్దె పద్దు ఎక్కించాను. ఆస్తుల రిజిస్టరులో నాలుగో వరుస కలిపి, సొంతమా అద్దెనా అన్న చోట 'అద్దె' అని రాశాను.

రెండు రోజుల తర్వాత లక్ష్మీదేవమ్మ ఆఫీసుకు వచ్చింది. కొత్త అగ్రిమెంటు మీద వేలిముద్ర వేసి కూడా కదల్లేదు.

"నాయనా, ఆ పాత బుక్కులో ఆయన సంతకం ఉందంట కదా. ఒకసారి చూపిస్తావా?"

పుస్తకం తెరిచి పెట్టాను. ఆమెకు చదువు రాదు. ఎక్కడుందో వేలితో చూపించాను. కాగితాన్ని తాకకుండా, కొంచెం పైనుంచే ఆ అక్షరాల మీదుగా వేలు నడిపింది.

"రాత్రి బడికి పోయి నేర్చుకున్నాడు. మా మనమడు నమ్మడు, తాతకు రాసేది యాడ వచ్చు అంటాడు."

జిరాక్స్ తీసి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. కొంగు ముడి విప్పి రెండు రూపాయల బిళ్ల తీసి నా బల్ల మీద పెట్టింది.

"వద్దు పెద్దమ్మా," అన్నాను.

"కాగితం ఊరిది నాయనా. ఊరికే ఎట్ల తీసుకుంటా?" అని మెట్లు దిగింది.